ఐపీ పెట్టిండంటే పైసలు పోయినట్టేనా?

మా దిక్కు ఊర్లల్ల ఒక మాట వినంగనే మనుషులు చల్లబడిపోతరు. "ఫలానా సేటు ఐపీ పెట్టిండట." గంతే. ఇగ అప్పిచ్చినోళ్లు, పంట అమ్మినోళ్లు, జీతం రావాల్సిన హమాలీలు అందరు నెత్తి మీద చెయ్యి పెట్టుకొని కూసుంటరు. ఒకలిద్దరు ఆయన ఇంటి ముంగట లొల్లి జేస్తరు. ఓ నెల అయినంక అది గూడ ఆగిపోతది. "ఐపీ పెట్టినంక ఎవడేం జేస్తడు, రాసిపెట్టి లేదు" అనుకొని మర్చిపోతరు.

మా నాయిన గూడ గట్లనే మర్చిపోదామనుకున్నడు. 25 క్వింటాళ్ల పత్తి, క్వింటాలుకు 7,200 చొప్పున, మొత్తం 1,80,000 రూపాయలు. దగ్గరి పట్నంల పత్తి కొనే యాపారి "పదిహేను రోజుల్ల ఇస్త" అని చీటీ రాసిచ్చిండు. ఐదు నెలలకు ఇంటికి కోర్టు కవరు వచ్చింది. మీదికెళ్లి "ఐ.పి. నెంబరు" అని ఉంది. అండ్ల మా నాయిన పేరు ప్రతివాదుల లిస్టుల ఉన్నది. మన మీదనే కేసు పెట్టిండ్రని భయపడి, ఆ కవరు తీస్కపోయి పాస్‌బుక్కుల సంచిల దాసిండు. వాయిదాకు పోలే. నాకు చెప్పలే.

ఆ కవరు నా చేతికి వచ్చేసరికి ఏడాది దాటింది. అప్పటికెళ్లి నేను తిరిగి, వకీళ్లను అడిగి, కాయితాలు చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్న. ఎందుకంటే అసలు నష్టం ఐపీతోని కాదు, ఐపీ అంటే ఏందో తెల్వక ఇంట్ల కూసుండుడుతోని అయితది.

రెండు మాటలు, రెండు సంగతులు

మనం తెలుగుల దేనికైనా "దివాళా" అనే ఒక్క మాటే వాడుతం. ఇంగ్లీషుల రెండున్నయి: ఇన్సాల్వెన్సీ, బ్యాంక్రప్ట్సీ. ఈ రెండిటి నడుమ తేడా తెలిస్తే సగం భయం పోతది.

ఇన్సాల్వెన్సీ అంటే ఒక స్థితి. అప్పు కట్టే గడువు వచ్చింది, కట్టే తాకతు లేదు. దీనికి కోర్టు అక్కరలేదు, కాయితం అక్కరలేదు. జ్వరం వచ్చినట్టు అనుకోండ్రి. జ్వరం తగ్గొచ్చు గూడ. మిల్లు నుంచి రావాల్సిన పైసలు వస్తే ఆ యాపారి మళ్ల లేస్తడు.

బ్యాంక్రప్ట్సీ అంటే ముద్ర. కోర్టు విచారణ జేసి, "ఈయన అప్పులు కట్టలేడు, ఇగ ఈయన ఆస్తి అప్పులోళ్లందరిది" అని ఆర్డరు ఇస్తది. ఆ రోజు నుంచి ఆస్తి ఆయన చేతుల ఉండదు.

మరి ఐపీ ఏంది? ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్. అంటే దరఖాస్తు. "నేను కట్టలేక పోతున్న, నన్ను దివాళాదారుగా ప్రకటించుండ్రి" అని యాపారి కోర్టుకు పెట్టుకున్న అర్జీ. అర్జీ పెట్టంగనే అప్పు రద్దు కాదు. కోర్టు ఒప్పుకోవచ్చు, కొట్టేయొచ్చు. మా నాయిన పేరు ప్రతివాదుల్ల ఎందుకుందంటే, ఆయన తప్పు జేసిండని కాదు. ఆయనకు బాకీ ఉన్నదని యాపారే కోర్టుల ఒప్పుకున్నడు. ఒకరకంగ ఆ కవరు మా బాకీకి సాక్ష్యం. మేం దాన్నే సంచిల దాసుకున్నం.

ఏ చట్టం, ఏ కోర్టు

ఇక్కడ ముందుగాల చూడాల్సింది, మనకు బాకీ ఉన్నది మనిషా, కంపెనీనా అని. బిల్లు మీద "ప్రైవేట్ లిమిటెడ్" అని ఉంటే కంపెనీ. వట్టిగ ట్రేడర్స్, ఏజెన్సీస్ అని ఉంటే ఎక్కువసార్లు అది ఒక మనిషి సొంత దుకాణమో, నలుగురి పార్ట్‌నర్‌షిప్పో అయ్యుంటది. జీఎస్టీ వెబ్‌సైటుల ఆయన నెంబరు కొట్టి చూస్తే `Constitution of Business` అనే కాడ Proprietorship, Partnership, Private Limited Company అని రాసి ఉంటది. రెండు నిమిషాల పని.

మనిషి అయినా, పార్ట్‌నర్‌షిప్ అయినా ఇప్పటికీ నడిచేది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే. 2016ల కొత్త దివాళా కోడ్ వచ్చింది గని, అండ్ల వ్యక్తుల భాగం 2019 డిసెంబర్ 1 నుంచి ఒక్క రకం మనుషులకే అమలైంది: కంపెనీల అప్పులకు సొంతంగ జమానతు ఇచ్చినోళ్లకు. మిగిలినోళ్లందరికి పాత చట్టమే. కేసు జిల్లా కోర్టు కిందనే, మన దగ్గరి పట్నంలనే నడుస్తది. కంపెనీ సంగతి చివర్ల చెప్త.

ఆ చట్టం ఎంత పాతదో ఒక్క ముచ్చటతోని తెలుస్తది. 500 రూపాయల అప్పు ఉన్నా ఐపీ పెట్టొచ్చు. పని జేసినోళ్ల జీతాలకు ముందు వరుసల చోటు ఇచ్చింది గని, ఒక్కొక్కలికి మొత్తం కలిపి 20 రూపాయలు దాటొద్దని రాసింది. 1920ల 20 రూపాయలు ఏదో విలువ జేసేది. ఇయ్యాల ఆ హమాలీకి చాయ్, బిస్కెట్లకే సరి. మిగిలిన జీతం కోసం ఆయన గూడ మనతోని పాటు వరుసల నిలబడాల్సిందే.

మొదటి వాయిదా ఎందుకు పోవాలె

అర్జీ విచారణకు వచ్చిన రోజు కోర్టు యాపారిని ప్రశ్నిస్తది. ఆస్తి ఏముంది, పైసలు ఏడికి పోయినయి, లెక్కలు ఏవి అని. అప్పుడు అక్కడున్న అప్పులోళ్లకు గూడ ఆయన్ను ప్రశ్నించే హక్కు చట్టమే ఇచ్చింది. "రెండు నెలల కింద అమ్మిన లారీ పైసలు ఏం జేసినవ్?" అని ఆయన ఇంటి ముంగట అడిగితే తలుపు పెట్టుకుంటడు. కోర్టుల అడిగితే జవాబు చెప్పాలె, అది రికార్డయితది.

ఇంకో సంగతి. చేతుల పైసలు లేకపోవుడు వేరు, అసలు ఆస్తే లేకపోవుడు వేరు. 60 లక్షల అప్పున్న మనిషికి కోటి రూపాయల జాగా ఉంటే, అమ్మి కట్టగలుగుతడు. అది చూపిస్తే అర్జీని కోర్టు కొట్టేసే అవకాశం ఉంటది. గందుకే పోయే ముందు మీసేవల ఆయన జాగాల ఈసీ తీసి పెట్టుకోవాలె. మేం మొదటి వాయిదాకు పోలే కావట్టి ఈ రెండు అవకాశాలు పోయినయి. నోటీసులు వచ్చిన రైతుల్ల పోయినోళ్లు ఇద్దరే.

అర్జీ నడుస్తున్నదని ఊరికే ఉండుడు గూడ డేంజరే. బాకీ మీద దావా వేసేందుకు ఉండే మూడేండ్ల గడువు, ఐపీ అర్జీ పెండింగుల ఉన్నదని ఆగదు. కోర్టు ఆయనను దివాళాదారుగా ప్రకటించినంకనే మనం వేరే దావా వెయ్యాలంటే ఆ కోర్టు పర్మిషన్ కావాలె. అప్పటిదాంక మన దారి తెరిచే ఉంటది, గడువు గూడ నడుస్తనే ఉంటది. మూడో ఏడు దగ్గర పడుతుంటే వకీలును కలవాలె.

పైసలు ఎట్ల పంచుతరు

ప్రకటన అయినంక యాపారి ఆస్తి అంతా కోర్టు చేతికి, లేదంటే అఫీషియల్ రిసీవర్ చేతికి పోతది. బట్టలు, వంట గిన్నెలు, చేతిపని పనిముట్ల అసోంటివి వదిలేస్తరు. మిగిలినవి అమ్మి పంచుతరు. మా కేసుల లెక్కను సుమారు అంకెలతోని చెప్త, అట్లయితే సమజైతది.

యాపారికి బ్యాంకుల 40 లక్షల లోను, గోదాం తాకట్టు. అదిగాక మాలాంటి రైతులకు 34 లక్షలు, ఫైనాన్సోళ్లకు నోట్ల మీద 18 లక్షలు, ఎరువులు, విత్తనాలు అరువిచ్చినోళ్లకు 8 లక్షలు. మొత్తం తాకట్టు లేని బాకీ 60 లక్షలు.

గోదాం 45 లక్షలకు పోయింది. ముందుగాల బ్యాంకు తన 40 తీసుకుంది. తాకట్టు ఉన్నోడు ఈ వరుసల నిలబడడు, తన వస్తువును అమ్ముకొని పక్కకు పోతడు. గోదాం 35కే పోతే, ఆ మిగిలిన 5 లక్షల కోసం మాత్రం బ్యాంకు గూడ మన వరుసలకే వస్తది. మా కాడ 5 లక్షలు మిగిలినయి. డీసీఎం బండికి 3 లక్షలు, గోదాంల సరుకుకు 4 లక్షలు వచ్చినయి. మొత్తం 12 లక్షలు.

అందులకెళ్లి రిసీవర్ ఖర్చులు ఒక లక్ష, సర్కారుకు కట్టాల్సిన పన్ను 2 లక్షలు ముందు పోతయి. మిగిలింది 9 లక్షలు. బాకీ 60 లక్షలు. అంటే రూపాయికి 15 పైసలు. ఇండ్ల పెద్దోడు, చిన్నోడు అని ఉండదు, ముందు వచ్చినోడు, ఎనక వచ్చినోడు అని ఉండదు. అందరికి అదే దామాషా. మా నాయిన 1,80,000కు లెక్క గడితే 27,000 రూపాయలు.

ఈ 15 పైసల మాట విన్నంక చానమంది "గీ 27 వేల కోసం కోర్టు చుట్టు తిరగాల్నా" అన్నరు. నేను గూడ అన్న. గని ఆ పోయిన ఇద్దరు రైతుల్ల ఒకాయన ఈసీ తీసిండు. కథ అక్కడ మారింది.

బామ్మర్ది పేరు మీద జాగా

ఐపీ పెట్టడానికి ఎనిమిది నెలల ముందు, రోడ్డు పక్కన ఉన్న జాగాను యాపారి తన బామ్మర్దికి గిఫ్టు డీడు జేసిండు. విలువ 30 లక్షలు. కాయితం మీద అది ఇప్పుడు యాపారిది కాదు కావట్టి, కోర్టుకు ఇచ్చిన ఆస్తుల లిస్టుల లేదు.

ఇట్లాంటి దానికే 1920 చట్టంల 53వ సెక్షన్ ఉన్నది. అర్జీ పెట్టడానికి ముందు రెండేండ్ల లోపల, సరైన ధర తీసుకోకుంట ఆస్తిని ఎవలి పేరు మీదికన్న మారిస్తే, ఆ మార్పిడిని కోర్టు రద్దు చేయొచ్చు. నిజాయితీగ పైసలిచ్చి కొన్నోనికి దీంతోని ఇబ్బంది లేదు. ఉత్తగ రాసిచ్చిన దానికే ఇబ్బంది. దాని పక్కనే 54వ సెక్షన్ ఉంది. అర్జీకి ముందు మూడు నెలల లోపల, అందరిని వదిలేసి ఒక్క చుట్టానికే కావాలని బాకీ తీరిస్తే, అది గూడ వాపసు తేవొచ్చు.

ఇప్పుడు లెక్క మళ్ల చూడుండ్రి. ఆ 30 లక్షలు వచ్చి కలిస్తే పంచేది 39 లక్షలు. బాకీ అదే 60. రూపాయికి 65 పైసలు. మా నాయినకు 27,000 కాదు, 1,17,000. ఒక్క ఈసీ కాయితం తెచ్చిన తేడా ఇది.

ఆ దరఖాస్తు వేయాల్సింది మామూలుగ రిసీవర్. ఆయన చేతుల కేసులు ఎన్నో ఉంటయి, మన జాగా సంగతి ఆయనకు ఎవలు చెప్తరు? మనమే రాతపూర్వకంగ ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం పెట్టించుకోవాలె. ఆయన వేయనంటే, కోర్టు పర్మిషన్‌తోని అప్పిచ్చినోడే వేయొచ్చు. గని అండ్ల ఒక షరతుంది. తన బాకీని కోర్టుల రుజువు చేసుకున్నోనికే ఆ హక్కు. ఇంట్ల కూసున్నోనికి లేదు.

బాకీ రుజువు చేసుడు ఎట్ల

యాపారి తన లిస్టుల మన పేరు రాసిండు కదా, ఇంక సాలు అనుకోవద్దు. ఆయన లక్షా ఎనభై వేలను ఎనభై వేలని రాసి ఉండొచ్చు. అసలు పేరే రాయకపోయి ఉండొచ్చు. ప్రకటన అయినంక మన బాకీ ఎంత, ఎట్ల వచ్చింది, దానికి ఏం కాయితాలున్నయి అని అఫిడవిట్ ఇయ్యాలె. చేతికి ఇయ్యొచ్చు, రిజిస్టర్ పోస్టుల గూడ కోర్టుకు పంపొచ్చు. దాన్ని చూసి కోర్టు తన పట్టికల మన పేరు, మన అంకె ఎక్కిస్తది. పంచేటప్పుడు చూసేది ఆ పట్టికనే.

లేటు అయితే? యాపారికి డిశ్చార్జ్ ఆర్డరు వచ్చేదాంక పేరు ఎక్కించమని అడగొచ్చు. మేం గట్లనే ఏడాది లేటుగ పోయినం. గని అప్పటికే పంచిన పైసలుంటే వాటిని వెనక్కి తీసి మనకియ్యరు, ఆ తర్వాత మిగిలిన దాంట్లనే మనకు అందుతది. డిశ్చార్జ్ అంటే ఇగ పాత అప్పుల నుంచి ఆయనకు విడుదల. ఆ ఆర్డరు వచ్చిందంటే, రుజువు చేసుకోని మన బాకీ గూడ పోయినట్టే. సర్కారు బాకీలు, మోసం జేసి తెచ్చుకున్న అప్పులసోంటివి మాత్రం డిశ్చార్జ్‌తోని పోవు.

మా నాయిన కాడ ఉన్నది యాపారి చేతిరాత చీటీ, కాటా చీటీలు, ఫోన్ల "వచ్చే వారం పక్కా" అని పెట్టిన మెసేజిలు. కాటా చీటీల అంకెలు మాసిపోయినయి. మార్కెట్ యార్డుల అమ్మి తక్‌పట్టీ తీసుకున్న రైతుకు రుజువు పదినిమిషాల పని అయింది. మాకు రెండు వాయిదాలు పట్టింది. చీటీని ఆ రోజే ఫోటో కొట్టి పెట్టుకోవాలె, తేదీ, బరువు, రేటు, సంతకం కనపడాలె. వకీలుకు పైసలు లేవంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగ వకీలును ఇస్తది. ఆడోళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతోని సంబంధమే లేదు. ఫోన్ నెంబరు 15100.

బాకీ ఉన్నది కంపెనీ అయితే

కంపెనీకి తొవ్వ వేరే. 2016 కోడ్ కింద కేసు ఎన్‌సీఎల్‌టీకి పోతది. తెలంగాణ కంపెనీలకు హైదరాబాద్ బెంచ్. ఇక్కడ గూడ స్థితి వేరు, ముద్ర వేరు. ముందుగాల కంపెనీని బతికించి అమ్మే ప్రయత్నం జేస్తరు, కుదరకుంటేనే మూసేసి అమ్ముతరు. ఆ మూసేసుడును లిక్విడేషన్ అంటరు. హైదరాబాద్‌ది ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్ చూడుండ్రి. 2017 ఆగస్టుల ఇన్సాల్వెన్సీ మొదలైంది. కొనేటోళ్ల ప్లాను ఒప్పుదల కాలే. 2018 ఆగస్టుల లిక్విడేషన్ ఆర్డరు వచ్చింది. రెండిటి నడుమ ఏడాది ఉన్నది.

రైతుకు ఇక్కడ మూడు ముచ్చట్లు గుర్తుంటే సాలు. మొదటిది, కోటి రూపాయల కన్న తక్కువ బాకీ ఉంటే మనం కేసు మొదలుపెట్టలేం. 2020 మార్చికి ముందు ఆ హద్దు లక్ష ఉండె. గని బ్యాంకో, ఇంకెవలో మొదలుపెట్టినంక మన క్లెయిమ్ మనం ఇయ్యొచ్చు. రెండోది, ఇంటికి కవరు వస్తదని ఎదురు చూడొద్దు. పేపర్ల ప్రకటన వేస్తరు, 14 రోజుల గడువు పెడతరు. సరుకు అమ్మినోళ్లు ఫారం బీ నింపి ఇయ్యాలె. మూడోది, కంపెనీని ఎవలన్న కొంటే, ఆ ప్లానుల లేని పాత బాకీలు అక్కడితోని ఖతం. 2021ల సుప్రీంకోర్టు ఇది సాఫ్‌గ చెప్పింది. కొత్త ఓనర్ను అడగడానికి గూడ ఉండదు.

లిక్విడేషన్ అయితే వరుస ఇట్ల ఉంటది: ముందు కేసు ఖర్చులు, ఆ తర్వాత కార్మికుల 24 నెలల జీతాలు, తాకట్టు ఉన్న బ్యాంకులు సమానంగ, ఆ తర్వాత మిగిలిన ఉద్యోగుల ఏడాది జీతాలు, తాకట్టు లేని ఫైనాన్స్ అప్పులు, సర్కారు బాకీలు. సరుకు అమ్మిన మనం వాళ్ల తర్వాత. మన ఎనక ఉండేది దాదాపు షేర్లున్నోళ్లే. పాత చట్టంల రైతు, ఫైనాన్సోడు ఒకే వరుసల నిలబడితే, కొత్త కోడ్‌ల రైతు ఫైనాన్సోని ఎనకకు పోయిండు. నా దృష్టిల ఇది అన్యాయం. బ్యాంకుకు తాకట్టు అడిగే తాకతు ఉన్నది, వడ్డీ వేసుకునే తాకతు ఉన్నది. కాటా మీద పత్తి దించినంక రైతు చేతుల ఉండేది చీటీ ఒక్కటే. ఆ మనిషినే ఎనక నిలబెట్టుడు ఏం లెక్క?

మా కేసు ఇంక నడుస్తున్నది. బామ్మర్ది జాగా మీద దరఖాస్తు వేసినం, ఆయన గూడ వకీలును పెట్టిండు. 65 పైసలు వస్తయో, 15 పైసల కాడనే ఆగుతదో ఇప్పుడే చెప్పలేం. మొదట ఇద్దరే పోయిన వాయిదాకు ఇప్పుడు పద్నాలుగు మంది రైతులం పోతున్నం. మా నాయిన ఆ కవరును సంచిలకెళ్లి తీసిండు. వాయిదా తేదీలన్ని దాని మీదనే పెన్నుతోని రాసుకుంటున్నడు.